గుండ్రటి ముఖానికి సైడ్‌లాక్స్ ఎక్కడ ఆగాలి?

"అన్నా, నమస్తే. మాది నెల్లూరు. ఉద్యోగం చెన్నైలో, ఉండేది వేలచ్చేరిలో. నా ముఖం గుండ్రంగా ఉంటుంది. మా రూమ్మేట్‌కి చెవి తమ్మె దాకా దట్టమైన సైడ్‌లాక్స్ ఉన్నాయి, వాడికి బాగా సెట్ అయ్యాయి. పొడుగ్గా పెంచితే ముఖం సన్నగా కనపడుతుందని అందరూ అంటే నేనూ అలాగే పెంచాను. ఇప్పుడు ఫోటోల్లో బుగ్గలు ఇంకా పెద్దగా కనపడుతున్నాయి. పైగా కుడివైపుది పైకి, ఎడమవైపుది కిందికి ఉన్నట్టుంది. వచ్చే నెలాఖరున నిశ్చితార్థం. గడ్డం తీసేసి నున్నగా షేవ్ చేసుకోమని అమ్మ అంటోంది. సైడ్‌లాక్స్ కూడా మొత్తం తీసేయనా? ఉంచితే ఎక్కడిదాకా ఉంచాలి? నా ఫోటో, మావాడి ఫోటో పంపుతున్నాను."

మొత్తం తీసేయొద్దు తమ్ముడూ. తీసేస్తే ఇప్పుడున్న ఇబ్బంది కంటే పెద్దదే వస్తుంది. గుండ్రటి ముఖానికి పక్కల నిలువుగా కనపడే గీత అంటూ ఉన్నది ఆ సైడ్‌లాక్ ఒక్కటే. దాన్ని చెవి పైదాకా లేపేస్తే కణత నుంచి దవడ దాకా అడ్డూ ఆపూ లేని చర్మం మిగులుతుంది, బుగ్గ ఎంత వెడల్పుందో అంతా బయటపడుతుంది. నీకు చెప్పినవాళ్లు కూడా తప్పు చెప్పలేదు. గుండ్రటి ముఖానికి కాస్త పొడుగు సైడ్‌లాక్స్ నప్పుతాయన్నది నిజమే. కాకపోతే వాళ్లు సగమే చెప్పారు. ఎంత పొడుగు అన్నదానికంటే ఎక్కడ ఆగింది, ఆగిన చోట ఎంత ఒత్తుగా ఉంది అన్నదే ముఖాన్ని మారుస్తుంది.

ఎందుకో చెబుతాను. ఎదుటి మనిషి నీ ముఖం చూసేటప్పుడు వాళ్ల చూపు నల్లటి జుట్టు వెంబడి కిందికి జారుతుంది. జుట్టు ఎక్కడ అయిపోయి చర్మం మొదలవుతుందో అక్కడ ఆగుతుంది. ఆ ఆగిన చోట అడ్డంగా, నిండుగా ఒక అంచు ఉంటే చూపు ఆ అంచు మీదుగా ఈ చెంప నుంచి ఆ చెంపకి వెళ్తుంది. అంటే నీ ముఖం వెడల్పును ఆ ఎత్తులో కొలుస్తున్నట్టే. ఆ ఎత్తులో ముఖం సన్నగా ఉంటే సన్నగా అనిపిస్తుంది, వెడల్పుగా ఉంటే వెడల్పే గుర్తుండిపోతుంది.

ఇప్పుడు నీ ఫోటో దగ్గరికి వద్దాం. దాన్ని పెద్దగా తెరిచి, నీ రెండు సైడ్‌లాక్స్ కింది అంచులను కలుపుతూ ఒక స్కేలు అడ్డంగా పెట్టి చూశాను. అది చెవి తమ్మెల మీదుగా, ముక్కు కిందినుంచి సరిగ్గా నీ బుగ్గలు బాగా నిండుగా ఉన్న చోటుగుండా వెళ్లింది. స్కేలును ఒక వేలు పైకి జరిపితే ముఖం అంచు కొంచెం లోపలికి వస్తోంది. ఒక వేలు కిందికి జరిపినా లోపలికే వస్తోంది. అంటే ఉన్నవాటిలో అతి వెడల్పైన చోటే వెతికి పట్టుకున్నట్టు అక్కడ ఆపావు. పైగా అంచు బ్లేడుతో గీసినట్టు అడ్డంగా ఉంది. నీ బుగ్గలు పెరగలేదు, వాటి కింద గీత పడిందంతే.

నువ్వు కూడా ఇంట్లో ఇదే పరీక్ష చేసుకో. అయితే సెల్ఫీ మీద చేయకు. చేతి దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు పెద్దదై, చెంపలూ చెవులూ వెనక్కి పోయి, ముఖం ఉన్నదానికంటే సన్నగా, పొడుగ్గా వస్తుంది. గుండ్రటి ముఖం ఉన్నవాళ్లు సెల్ఫీ చూసుకుని బాగానే ఉందనుకోవడం, ఇంకొకరు తీసిన ఫోటో చూసి గతుక్కుమనడం ఇందువల్లే. జుట్టు వెనక్కి దువ్వుకుని, గోడకి ఆనుకుని నిలబడి, ఇంకొకరిని రెండు మీటర్ల దూరం నుంచి కొంచెం జూమ్ చేసి, ఫోన్ నీ కళ్ల ఎత్తులో పట్టుకుని తీయమను. గడ్డం పైకెత్తకూడదు, దించకూడదు. నిశ్చితార్థంలో ఫోటోగ్రాఫర్ తీసే ఫోటోలు ఇలాంటి దూరం నుంచే ఉంటాయి కాబట్టి నీకు పనికొచ్చే లెక్క ఇదే.

ఆ ఫోటో మీద రెండే కొలతలు చాలు. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కొసదాకా నిలువు, చెంప ఎముకల దగ్గర అడ్డం. నీ ఫోటోలో నా స్క్రీన్ మీద నిలువు 9 సెంటీమీటర్లు వస్తే అడ్డం 7.5 వచ్చింది. నిలువును అడ్డంతో భాగిస్తే 1.2. మీవాడి ఫోటోలో నిలువు 9.2, అడ్డం 6. భాగిస్తే 1.5 దాటింది. ఇవి పుస్తకంలో రాసిపెట్టిన హద్దులు కావు, నేను పనిలో పెట్టుకున్న అంచనా. 1.2 దగ్గర్లో ఉండి దవడ మూలలు కనపడకపోతే గుండ్రటి ముఖం అంటాను. 1.5 దగ్గరికి వచ్చిందంటే అది పొడుగు ముఖం. మధ్యలో ఉన్నవాళ్లకి సైడ్‌లాక్స్ విషయంలో పెద్ద పట్టింపు ఉండదు, ఎలా పెట్టినా నడిచిపోతుంది.

మీవాడికి బాగుండటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. వాడి ముఖం సన్నం, బుగ్గల దగ్గర లోపలికి ఉంది. దట్టమైన జుట్టు ఆ పల్లాన్ని నింపుతోంది. నీకు అక్కడ పల్లం లేదు, మిట్ట ఉంది. మిట్ట మీద ఒత్తుగా జుట్టు పెడితే ఏమవుతుందో నీకు ఇప్పుడు తెలిసింది.

ఇక ఒత్తు సంగతి. పొడుగు గురించి అందరూ మాట్లాడతారు గానీ ఒత్తు గురించి ఎవరూ అడగరు, నాకు మాత్రం ముందు కనపడేది అదే. సెలూన్‌లో కటింగ్ చేసేవాడు నీ పక్కన నిలబడి పని చేస్తాడు. అతనికి సైడ్‌లాక్ పక్కనుంచి, పలకలాగా పూర్తిగా కనపడుతుంది. దాని ముందు గీత ఎలా ఉంది, అంచు సాఫీగా ఉందా అని చూసుకుంటాడు. లోకం మాత్రం నిన్ను ఎదురుగా చూస్తుంది. ఎదురుగా చూసినప్పుడు సైడ్‌లాక్ వెడల్పు పెద్దగా కనపడదు, అది చెవి వైపుకి తిరిగి ఉంటుంది కదా. కనపడేది దాని ఉబ్బు. చెంప మీంచి బయటికి ఎంత పొంగిందో అంత ముఖం అంచుకి కలుస్తుంది. రెండువైపులా అర సెంటీమీటరు చొప్పున పొంగితే ముఖం ఒక సెంటీమీటరు వెడల్పైనట్టే. ఫోటోలో నీకు తమ్మె దగ్గర జరిగింది అచ్చం ఇదే. కింద చివర పాయలాగా విచ్చుకుని బయటికి లేచింది. అందుకే కటింగ్ అయ్యాక పక్క అద్దంలో చూసుకుని సరే అనకుండా, కుర్చీలో నిటారుగా కూర్చుని ఎదుటి అద్దంలోనే చూడు. చెవుల ముందు జుట్టు చెంపకి అతుక్కుని ఉందా, బయటికి తొంగిచూస్తోందా అన్నది అక్కడే తేలుతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ముఖం సన్నగా కనపడాలని కొందరు సైడ్‌లాక్‌ను ముందువైపు నుంచి గీకించి సన్నటి పట్టీలా చేయిస్తారు. గుండ్రటి ముఖానికి అది ఎదురుతిరుగుతుంది. చెంపకి అతుక్కుని పడుకున్న నల్లటి జుట్టు ముఖం అంచున నీడలాగా పనిచేస్తుంది, చర్మం కనపడే మేర తగ్గిస్తుంది. ముందు గీతను వెనక్కి నెడితే ఆ మేర చర్మం పెరుగుతుంది, బుగ్గ ఇంకాస్త విశాలమవుతుంది. కాబట్టి ముందు గీత నీకు పుట్టుకతో ఎక్కడుందో అక్కడే ఉండాలి. దాని ముందున్న నూగు మాత్రం శుభ్రం చేయించు. తగ్గించాల్సింది ఉబ్బు, కింద విచ్చుకున్న చివర. ఈ రెండే.

నీకు నేను చెప్పే కొలత ఇది. అద్దంలో నీ చెవి చూసుకో. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపు చిన్న బుడిపె ఉంటుంది. ఇయర్‌ఫోన్ జారిపోకుండా పట్టుకునేది అదే. ఆ బుడిపె కింది అంచు దగ్గర నీ సైడ్‌లాక్ ఆగాలి. తమ్మె దాకా వెళ్లకూడదు, బుడిపె పైకి పోకూడదు. నీ ఫోటోలో ఆ ఎత్తులో స్కేలు పెడితే బుగ్గ నిండుదనం ఇంకా మొదలవ్వదు, చెంప ఎముక మీద ఉన్న గట్టి భాగం కనపడుతుంది. చూపు అక్కడ ఆగితే ముఖానికి ఎముక ఉన్నట్టు అనిపిస్తుంది. మరీ చెవి మధ్యకి తెస్తే నిలువు గీత పొట్టిదైపోతుంది. అందరికీ బుడిపే కొలత అనుకోకు. కొందరికి నిండుదనం పైనే మొదలవుతుంది, వాళ్లకి దాన్ని దాటి తమ్మె కిందిదాకా తేవాల్సి వస్తుంది. సూత్రం ఒకటే, అతి వెడల్పైన గీత మీద ఆపకూడదు.

మెషిన్ నంబర్లు కూడా చెబుతాను, వెళ్లి అడగడానికి పనికొస్తాయి. సాధారణంగా మెషిన్‌కి తగిలించే గార్డ్ 1 నంబరుదైతే మిగిలే జుట్టు 3 మిల్లీమీటర్లు, 2 నంబరు అంటే 6, 3 నంబరు అంటే సుమారు 10. నీ జుట్టు గట్టిది, ఒత్తైనది కాబట్టి కణత దగ్గర తలజుట్టులో కలిసే చోట 3, చెవి మధ్య దాకా 2, అక్కడినుంచి చివరిదాకా 1 పెట్టమను. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ పలచబడాలి. ఈ నంబర్లు మారే చోట మెట్టు కనపడకుండా దువ్వెన మీద కత్తెరతో కలిపేయాలి. మెట్టు కనపడిందంటే అది ఇంకో అడ్డగీత. చివర బ్లేడుతో గీయించకు. గీసిన అంచు సెలూన్ బయటికి వచ్చేటప్పుడు నీట్‌గా ఉంటుంది గానీ, గుండ్రటి ముఖానికి ఆ నీట్‌నెస్సే శత్రువు. గార్డ్ తీసేసిన ట్రిమ్మర్‌ను తలకిందులుగా పట్టుకుని చివరను చెదిరినట్టు పలచగా వదిలేయమను. కాస్త ఆకారం కావాలంటే ముందు మూల వెనక మూలకంటే 3 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా కొంచెం ఏటవాలుగా పెట్టించు. అప్పుడు చూపు అడ్డంగా పోకుండా గడ్డం వైపుకి దిగుతుంది. ఆ వాలు అంతకంటే ఎక్కువైతే కత్తిమొనలా తయారవుతుంది. అత్తగారింటి పెద్దల ముందు కూర్చునే రోజుకి అది నప్పదు.

తడిజుట్టు మీద ఈ పని ముగించనివ్వకు. నీళ్లు చల్లితే జుట్టు చెంపకి అతుక్కుపోయి, పొడుగ్గా సాగి, ఒత్తు అసలు తెలియదు. తల మొత్తం కట్ అయ్యాక, ఆరాక, చివర్లో సైడ్‌లాక్స్ చూడమని అడుగు. మన చెన్నై చెమటకి ఇది ఇంకా ముఖ్యం. ఎండలో రెండు వీధులు నడిస్తే చెమట పట్టి జుట్టు పాయలుగా విడిపోతుంది. 1 నంబరులో ఉన్న జుట్టు చెమటకి విడిపోయేంత పొడుగు ఉండదు, 3 నంబరులో ఉన్నది విడిపోతుంది. బైక్ మీద వెళ్తావా? హెల్మెట్ లోపలి దిండు కణతల దగ్గర జుట్టును ముందుకి తోసేస్తుంది, పట్టీ చెవి ముందు భాగాన్ని రాస్తుంది. ఆఫీసుకి వెళ్లి హెల్మెట్ తీయగానే ఒకసారి అద్దం చూసుకో. అక్కడ లేచి నిలబడుతున్న వెంట్రుకలే తర్వాతసారి తగ్గించాల్సినవి.

ఎత్తుపల్లాల సంగతికి వద్దాం. కుడిది పైకి ఉన్నట్టు నీకు అనిపించడం భ్రమ కాదు, ఫోటోలో నిజంగానే తేడా ఉంది. నీ కుడి చెవి ఎడమదానికంటే కొంచెం పైన ఉంది. చాలామందికి చెవులు ఒకే ఎత్తులో ఉండవు, అందులో లోపమేమీ లేదు. కటింగ్ చేసిన అతను రెండువైపులా తమ్మెను చూసి కొలిచాడు. చెవి చెవికీ సమానంగానే పెట్టాడు, ముఖానికి మాత్రం వంకర వచ్చింది. బుడిపె గురించి నేను చెప్పింది కూడా ఒకవైపు చోటు పట్టుకోవడానికే. ఎడమవైపు బుడిపె దగ్గర పెట్టించుకుని, కుడివైపును దానికి అద్దంలో సరిచూడాలి. రెండు చూపుడువేళ్లను రెండు సైడ్‌లాక్స్ చివర్ల కింద అడ్డంగా ఆనించి, అద్దంలో ఆ రెండు వేళ్లూ కళ్ల బయటి మూలల నుంచి ఒకే దూరంలో ఉన్నాయో లేదో చూడు. నీకు కళ్లజోడు ఉంది కదా, దాని కాడలను కొలతగా తీసుకోకు. అవి ఆనేది చెవుల మీదే, చెవుల తేడానే మళ్లీ చూపిస్తాయి. కొలిచేటప్పుడు కళ్లజోడు తీసేయి.

సరిచేసేటప్పుడు పిల్లులకి కోతి రొట్టె పంచినట్టు కాకుండా చూసుకో. కుడిది పెద్దదని కాస్త కోసి, అప్పుడు ఎడమది పెద్దదై, దాన్ని కోసి, చివరికి రెండూ చెవి పైకి వెళ్లిపోయిన తలలు సెలూన్లో రోజూ కనపడతాయి. పొట్టిదాన్ని ముట్టుకోకూడదు. పొడుగుదాన్ని మాత్రమే, అదీ ఒక్క మిల్లీమీటరు మిగిల్చి తగ్గించాలి. ఆ తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఎదురుగా చూసినా తెలియని తేడా ఉంటే అక్కడితో వదిలేయాలి. 2 మిల్లీమీటర్ల తేడాను ఎదుటివాళ్లు ఎవరూ పట్టుకోలేరు.

తొందరపడి ఎక్కువ తీయించుకుంటే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. సైడ్‌లాక్ తలజుట్టులా పైనుంచి కిందికి సాగి పెరగదు. తీసేసిన మేర అంతా ఒక్కో వెంట్రుకా తన చోట తాను మొలవాలి. ఆ వెంట్రుక రోజుకి మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుందనుకో, 2 నంబరుకి సరిపడా 6 మిల్లీమీటర్లు రావాలంటే రెండున్నర వారాల పైనే పడుతుంది. నీ దగ్గర నెల దాటి సమయం ఉంది కాబట్టి రెండు విడతల్లో చేయించు. ఈ వారం ఉబ్బు తగ్గించి, కింద విచ్చుకున్న చివర తీయించి, పొడుగును మాత్రం బుడిపెకి ఒక వేలు కిందే ఉంచు. నాలుగు రోజులు అలా తిరిగి, నేను చెప్పిన దూరం నుంచి ఫోటో తీయించుకుని చూడు. అక్కడే బాగుందనిపిస్తే అక్కడే ఆపు, నా మాట కంటే నీ ఫోటో నమ్ము. ఇంకా నిండుగా ఉందనిపిస్తే అప్పుడు బుడిపె దాకా తెప్పించు. చివరి కటింగ్ నిశ్చితార్థానికి నాలుగైదు రోజుల ముందు పెట్టుకో. ముందురోజు చేయించుకుంటే అంచుల దగ్గర చర్మం తెల్లగా, కోసినట్టు కనపడుతుంది. నాలుగు రోజులైతే అది సర్దుకుంటుంది.

గడ్డం విషయంలో అమ్మ మాట వినడంలో నష్టం లేదు, కానీ దానివల్ల సైడ్‌లాక్ మీద బరువు పెరుగుతుందని గుర్తుంచుకో. కింద అంతా నున్నగా ఉంటే చూపు ఆగే చోటు సైడ్‌లాక్ చివరే అవుతుంది. అందుకే నీకు చివరను పలచగా చెదరగొట్టమన్నాను. అలాగే నువ్వు ఇంతకాలం గడ్డంతో ఎండలో తిరిగావు కాబట్టి తీసేసిన చోట చర్మం కాస్త లేతరంగులో ఉంటుంది. మొదటి షేవ్ వారం ముందే చేసుకుంటే ఆ రంగు తేడా కొంత కలుస్తుంది. షేవ్ చేసేటప్పుడు సైడ్‌లాక్ దగ్గర రేజర్‌ను కింది నుంచి పైకి లాగకు. ప్రతిసారీ తెలియకుండానే అర మిల్లీమీటరు పైకి పోతుంది, పది రోజులకి నువ్వే గుర్తుపట్టలేనంత పొట్టిదవుతుంది. చివర నుంచి ఒక వేలు కింద మొదలుపెట్టి కిందికి గీసుకో. మధ్యలో మిగిలిన ఆ వేలు మేర ట్రిమ్మర్‌తో చూసుకోవచ్చు.

అమ్మని ఒప్పించగలిగితే మాత్రం నా ఓటు పొట్టి గడ్డానికే. గుండ్రటి ముఖానికి అది సైడ్‌లాక్ ఒక్కటీ చేయలేని పని చేస్తుంది. అప్పుడు లెక్క తిరగబడుతుంది. చెవి ముందు భాగం అన్నిటికంటే పలచగా, 1 నంబరులో ఉండాలి. అక్కడినుంచి దవడ వెంబడి వచ్చేకొద్దీ పెరుగుతూ గడ్డం కొస దగ్గర 3 నంబరుకి రావాలి. పక్కల పలచన, కింద ఒత్తు. ముఖం నిలువు పెరిగినట్టు కనపడుతుంది. బుగ్గల మీద గడ్డం కూడా 3 నంబరులోనే వదిలేస్తే మళ్లీ మొదటికొస్తావు. నీ ఫోటోలో ఎడమ చెంప మీద సైడ్‌లాక్‌కీ గడ్డానికీ మధ్య చిన్న ఖాళీ కూడా ఉంది. అక్కడ జుట్టు పలచన. దాన్ని పెన్సిల్‌తోనో ఇంకోదానితోనో నింపించుకోవద్దు, చెమటకి కారుతుంది. 1 నంబరులో ఉంచితే ఆ ఖాళీ దానంతట అదే కలిసిపోతుంది.

సెలూన్‌లో చెప్పడం దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. మన ఊళ్లో సైడ్‌లాక్స్ అంటే సరిపోతుంది. ఇక్కడ చెన్నైలో పాత సెలూన్లలో తమిళంలో కిరుదా అంటే వెంటనే అర్థమవుతుంది. "కిరుదా కురైక్కాదీంగ, లేసా ట్రిమ్ మట్టుం" అంటే పొడుగు తగ్గించొద్దు, కొంచెం ట్రిమ్ చాలు అని. "బ్లేడ్ వేండాం" అని కూడా చేర్చు. ఈమధ్య హిందీ మాట్లాడే కుర్రాళ్లు ఎక్కువగా ఉంటున్నారు, వాళ్లకి కలమ్ అంటే తెలుస్తుంది. ఏ భాషైనా సరే, కుర్చీలో కూర్చోగానే వేలితో చెవి ముందు చోటు చూపించు. ఫేడ్ చేయమంటే ఏం చేస్తారో ముందే అడుగు. చాలాచోట్ల ఫేడ్ అనగానే కణత నుంచి మెషిన్ ఎత్తి సైడ్‌లాక్‌ను చర్మం దాకా తీసేస్తారు. నీకు ఫేడ్ కావాలంటే చెవి వెనక, మెడ మీద చేయించు, చెవి ముందు వద్దు. బ్లేడు వాడక తప్పదంటే నీ కళ్లముందు కొత్తది వేయించు.

మీవాడి సంగతి. వాడివి బాగున్నాయని నువ్వన్నావు, నిజమే గానీ ఇంకా బాగుండొచ్చు. పొడుగు ముఖానికి తమ్మె దాకా సైడ్‌లాక్స్ అంటే ముఖాన్ని ఇంకా కిందికి లాగడమే. ఒత్తు వాడికి మేలు చేస్తోంది, పొడుగు కీడు చేస్తోంది. చెవి మధ్య దాకా తెచ్చి, 3 నంబరు ఒత్తు అలాగే ఉంచి, చివర అడ్డంగా సూటిగా పెట్టించమను. నీకు వద్దన్న అడ్డగీత వాడికి కావాల్సిందే, దానివల్ల వాడి ముఖానికి వెడల్పు వస్తుంది. దవడ మూలలు గట్టిగా కనపడే చదరపు ముఖం వాళ్లెవరైనా మీ రూములో ఉంటే, వాళ్లకి చెవి మధ్యలో, చివర గుండ్రంగా మెత్తగా ఉంటే చాలు. నుదురు వెడల్పై గడ్డం సన్నగా ఉన్నవాళ్లు తమ్మె దాకా ఉంచుకోవచ్చు. వాళ్లకి కింద కాస్త నిండుగా ఉంటేనే మంచిది.

మీరిద్దరూ ఒకే సెలూన్‌కి కలిసి వెళ్తుంటే ఒక జాగ్రత్త. అక్కడి అతను ఒకరికి పెట్టిన కొలతే రెండోవాడికీ పెట్టేస్తాడు, పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటే మరీను. నువ్వు 1 నంబరు చివర, చెదిరిన అంచు, బుడిపె దగ్గర. వాడు 3 నంబరు, సూటి అంచు, చెవి మధ్య. ఈ రెండు లైన్లూ ఫోన్‌లో రాసుకుని ముందే చూపించండి.